స్లాబ్‌ను ఎండనివ్వకండి: చిన్న ఇంటికి క్యూరింగ్ ఎలా చేయాలి?

స్లాబ్ వేసిన మర్నాడు ఇల్లు కట్టుకునేవాళ్లు చాలామంది అడిగే మాట ఒకటుంది: "ఎన్నాళ్లకు ఎండుతుంది మేస్త్రీ?" ఆ అడగడంలోనే తికమక ఉంది. మట్టిగోడ ఎండితే గట్టిపడుతుంది. కాంక్రీటు అలా కాదు. సిమెంటు నీళ్లను తనలో కలుపుకుని, రసాయనికంగా వేరే పదార్థంగా మారుతూ గట్టిపడుతుంది. గోదావరి మీద వంతెనలకు దింపే బావి పునాదుల్లో అడుగు కాంక్రీటు వేసేది నీళ్లలోనే. అది ఎండే అవకాశమే లేదు, అయినా వంతెన బరువంతా మోస్తుంది. కాబట్టి స్లాబ్ వేశాక మొదటి రెండు వారాలు మనం చేయాల్సిన పని దాన్ని ఆరబెట్టడం కాదు, ఆరకుండా కాపలా కాయడం. ఆ కాపలాకే క్యూరింగ్ అని పేరు. మన వైపు "నీళ్లు పట్టడం" అంటారు.

నీళ్లు ఎందుకు, ఎంతవరకు

50 కిలోల సిమెంటు బస్తాకు స్లాబ్ పనిలో 25 లీటర్లకు కాస్త అటూ ఇటూగా నీళ్లు పోస్తారు. అందులో సిమెంటు రసాయనికంగా పట్టుకునేది 11, 12 లీటర్లు. మరో ఏడెనిమిది లీటర్లు కొత్తగా పుట్టే పదార్థపు సన్నని రంధ్రాల్లో చిక్కుకుని ఉండాలి. అంటే కలిపిన నీళ్లు లెక్కకు సరిపోతాయి, కొంచెం మిగులుతాయి కూడా. చిక్కంతా అవి లోపలే ఉండకపోవడంతో వస్తుంది. ఎండ, గాలి పైనుంచి పీల్చేస్తాయి. రంధ్రాల్లో తేమ 80 శాతం కన్నా తగ్గితే సిమెంటు పని దాదాపు ఆగిపోతుంది. మిగిలిన సిమెంటు మారకుండా అక్కడే పొడిలా ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడో నీళ్లు పోస్తే కొంత మళ్లీ మొదలవుతుంది కానీ పోయిందంతా తిరిగి రాదు.

ఇక్కడ ఒక విషయం నిదానంగా చూడాలి. 5 అంగుళాల స్లాబ్ మధ్యభాగం అంత త్వరగా ఎండదు. ముందుగా ఎండేది పైచర్మం, అంటే అంగుళం లోతు వరకు. "అంగుళమేగా" అనుకోవడానికి లేదు. స్లాబ్‌లో ఇనుముకు మనం ఇచ్చే కవర్ 20 మిల్లీమీటర్లు, అంగుళం కన్నా తక్కువ. దూలాల మీదుగా వెళ్లే పై కడ్డీలు ఆ చర్మం కిందే ఉంటాయి. వాన నీరు దిగేదీ దాని గుండానే. చర్మం సరిగా పండకపోతే ఇల్లు ఇప్పటికిప్పుడు కూలదు. కొన్నేళ్లకు పైన పొడి రాలుతుంది, తేమ దిగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, పెచ్చులు ఊడతాయి. అప్పుడు యజమాని సిమెంటు కంపెనీని తిడతాడు.

క్యూబ్ టెస్ట్ పాసైందని ధీమా పడేవాళ్లకూ ఒక మాట. ఆ దిమ్మెలు 28 రోజులు నీళ్లలో మునిగి ఉంటాయి. అవి మీ మిశ్రమం మంచిదని చెబుతాయి కానీ, మేడ మీద ఎండలో ఉన్న స్లాబ్ ఎలా పండిందో చెప్పవు.

ఒక స్లాబ్ లెక్క

ఊరికే సూత్రాలు చెప్పుకునే బదులు ఒక స్లాబ్ తీసుకుందాం. ఖమ్మంలో, ఏప్రిల్ నెల, 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, 5 అంగుళాల మందం. సిమెంటు పీపీసీ, అంటే ఫ్లైయాష్ కలిసినది. ఇళ్ల పనికి ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది ఇదే. మీ బస్తా మీద చూసుకోండి. ఇందులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ ఉంటుంది. ముందు సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడుతూ కొంత సున్నం విడుదల చేస్తుంది. ఫ్లైయాష్ ఆ సున్నాన్ని తీసుకుని నెమ్మదిగా, రోజుల తరబడి, కొత్త బలం పుట్టిస్తుంది. అందుకే పీపీసీకి తడి ఎక్కువ రోజులు కావాలి.

ఎన్ని రోజులన్నది మన కోడ్ ఐఎస్ 456 చెబుతుంది. మామూలు ఓపీసీ సిమెంటయితే కనీసం 7 రోజులు. ఎండ, పొడిగాలి ఉన్నచోట కనీసం 10. పీపీసీ లాంటి కలిపిన సిమెంటుకూ కనీసం 10 రోజులే కానీ, 14 వరకు పొడిగించమని సలహా ఇస్తుంది. ఏప్రిల్‌లో పీపీసీతో వేసిన మన స్లాబ్‌కు 14 రోజులు అని ముందే అనేసుకుందాం. 7 రోజులు చాలన్న మాట పాత ఓపీసీ కాలం నుంచి నోళ్లలో ఉండిపోయింది.

మొదటి అడుగు: కంకర దింపకముందే నీళ్ల ఏర్పాటు

మన స్లాబ్ మీద 2 అంగుళాల నీళ్లు నిలబెట్టాలంటే దాదాపు 2,800 లీటర్లు కావాలి. వేసవి ఎండకు రోజూ సుమారు ఒక సెంటీమీటరు ఆవిరవుతుందని అనుకుంటే రోజుకు 500 లీటర్ల పైచిలుకు తిరిగి పోయాలి. 14 రోజులకు మొత్తం 10,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. ఇది ముందే తెలిస్తే బోరు ఎండిపోయిన వారంలో స్లాబ్ ముహూర్తం పెట్టుకోరు.

తాగడానికి పనికొచ్చే నీళ్లు క్యూరింగ్‌కూ పనికొస్తాయి. సముద్రపు నీళ్లు, నోట పెడితే ఉప్పగా తగిలే బోరు నీళ్లు వద్దు. ఉప్పులోని క్లోరైడు ఇనుమును తినేస్తుంది. తీరప్రాంతాల్లో ఇల్లు కట్టేవాళ్లు ఆ బోరు నీళ్లను పరీక్షకు పంపడమో, ట్యాంకరు తెప్పించుకోవడమో చేయాలి.

గోనె సంచులు కూడా ముందే తెచ్చి పెట్టుకోండి. కుట్టు విప్పి పరిస్తే మన స్లాబ్‌కు ఓ యాభై పడతాయి. జనపనార సంచులే కావాలి. సిమెంటు వచ్చే ప్లాస్టిక్ అల్లిక సంచులు నీళ్లు పీల్చవు, వాటిని తడిపి పరిచినా లాభం లేదు. చక్కెర బస్తాలయితే బాగా ఉతకాలి, ఎందుకంటే చక్కెర సిమెంటును గట్టిపడనివ్వదు. ఎరువుల సంచుల జోలికి పోకపోవడమే మంచిది.

రెండో అడుగు: వేసిన రోజు, ఆ కొన్ని గంటలు

ఎక్కువమంది వదిలేసేది ఇదే. "రేపొద్దున నీళ్లు కొడతాంలే సార్" అని మేస్త్రి అంటాడు, మనం తలూపుతాం. కానీ వేసవిలో పగుళ్లు ఆ రాత్రి లోపే వచ్చేస్తాయి.

కాంక్రీటు పరిచి బద్ద లాగాక కాసేపటికి పైన పలచగా నీళ్లు తేలి మెరుస్తుంది. లోపలి బరువైన కంకర, సిమెంటు కిందికి సర్దుకుంటుంటే నీరు పైకి వస్తుంది. ఆ నీరు వచ్చే వేగం కన్నా గాలి దాన్ని ఆర్పే వేగం ఎక్కువైతే పైపొర కుంచించుకుంటుంది. అప్పటికి దానికి లాగుడు తట్టుకునే బలం ఉండదు కాబట్టి చీలుతుంది. గంటకు చదరపు మీటరు నుంచి కిలో నీరు ఆరిపోతోందంటే ప్రమాదం మొదలైనట్టు. మన స్లాబ్ మొత్తానికి అది గంటకు 55 లీటర్లు. 40 డిగ్రీల వేడికి పొడిగాలి తోడైతే ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. ఎండ కన్నా గాలిని చూసి భయపడాలి. నీడపట్టున వేసిన స్లాబ్ కూడా గాలికి పగులుతుంది.

చేయాల్సినవి మూడు పనులు. కాంక్రీటు పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరే లోపు ముగించడం, లేదా సాయంత్రం మొదలుపెట్టి లైట్లు పెట్టి వేయడం. వేయబోయే ముందు సెంట్రింగ్ షీట్లు, ఇనుము వేడెక్కి ఉంటే నీళ్లు చల్లి చల్లబరచడం, మడుగులు లేకుండా చూసుకోవడం. ఇక మూడోది, ఒక భాగం తాపీ పని అయిపోగానే దాని మీద ప్లాస్టిక్ షీటు కప్పడం. మొత్తం స్లాబ్ అయ్యేదాకా ఆగకూడదు. తెల్ల షీటయితే మంచిది, నల్లది ఎండకు వేడెక్కుతుంది. అంచులకు చెక్కలో ఇసుక మూటలో పెట్టి గాలి దూరకుండా చూడండి. షీటు ఆనిన చోట ముద్రలు పడితే పడనివ్వండి, పైన ఎలాగూ గచ్చు వేస్తారు.

ఈ దశలో బకెట్లతో నీళ్లు పోయకూడదు. పచ్చి కాంక్రీటులో సిమెంటు పాలు కొట్టుకుపోయి చర్మం బలహీనపడుతుంది. తాపీ సాఫీగా జారడానికి పైన నీళ్లు చిలకరించడం, తేలిన నీటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లడం కూడా అదే పని చేస్తాయి. రెండూ మన దగ్గర మామూలే, రెండూ ఆపించాల్సినవే.

కప్పే లోపే సన్నని చీలికలు కనిపిస్తే కాంక్రీటు ఇంకా మెత్తగా ఉందో లేదో చూడండి. బొటనవేలితో నొక్కితే దిగుతుంటే చెక్క తాపీతో గట్టిగా కొట్టి మూయించవచ్చు. గట్టిపడ్డాక పైన సిమెంటు పాలు పూయడం కంటికి కనబడకుండా చేస్తుందే గాని చీలికను అతకదు.

మూడో అడుగు: గోనెలు, ఆ తర్వాత మడులు

బొటనవేలితో గట్టిగా నొక్కినా గుంట పడకపోతే, గోరుతో గీస్తే సన్న గీత తప్ప ఏమీ రాకపోతే తడి మొదలుపెట్టే సమయం వచ్చింది. తెల్లవారుజామున వేసిన వేసవి స్లాబ్‌కు ఇది తరచు అదే సాయంత్రానికి వస్తుంది. ప్లాస్టిక్ తీసి, తడిపిన గోనెలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేలా పరచండి. ఆ రాత్రికి వాటి మీద ప్లాస్టిక్ తిరిగి కప్పితే తెల్లారేసరికి కూడా తడిగానే ఉంటాయి.

మర్నాడు మడులు కట్టాలి. వరిమడిలో గట్లు వేసినట్టే ఇది కూడా, చదునైన ఇంటి స్లాబ్‌కు ఇంతకు మించిన పద్ధతి లేదు. మన స్లాబ్‌ను 10 అడుగుల చదరాలుగా విడగొడితే ఆరు మడులు వస్తాయి. చుట్టూ గట్టు 100 అడుగులు, లోపలి గట్లు 70 అడుగులు. మూడంగుళాల ఎత్తున గట్టు పోయడానికి ఐదారు ఘనపుటడుగుల ఇసుక, అర బస్తా సిమెంటు సరిపోతాయి. ఒకటికి పది పాళ్లలో బలహీనంగా కలపండి. బలంగా కలిపితే రేపు స్లాబ్‌కు దెబ్బ తగలకుండా గీకడం కష్టం. రేగడి మట్టితో కూడా కడతారు, ఖర్చుండదు. కాకపోతే నీళ్లు తగ్గిన పూట అది బీటలు వారి కారుతుంది, మరక కూడా వదులుతుంది.

అసలు మడులుగా ఎందుకు విడగొట్టాలి, చుట్టూ ఒకే గట్టు వేస్తే పోలేదా అనిపించవచ్చు. మేడ మీద వాన నీళ్లు పోవడానికి వాలు ఇస్తాం. ఒకే మడి అయితే పల్లం వైపు నీళ్లు నిండి, మెరక వైపు ఎండుతుంది. చిన్న మడుల్లో ఆ తేడా తక్కువ. ఒక గట్టు తెగినా మిగతా ఐదు నిండుగా ఉంటాయి.

మడుల్లో నీళ్లు పెట్టేటప్పుడు మధ్యాహ్నం మానండి. ఎండకు కాలిన కాంక్రీటు మీద చల్లని బోరు నీళ్లు ఒక్కసారిగా పడితే పైపొర చల్లబడి కుంచించుకుంటుంది, లోపల వేడిగానే ఉంటుంది, చర్మం చీలుతుంది. పొద్దున ఏడింటికి ముందు నింపండి. మడి నిండుగా ఉంటే మధ్యాహ్నం దాన్ని ముట్టుకునే పనే రాదు.

బరువు గురించి భయపడేవాళ్లుంటారు. రెండంగుళాల నీళ్లు చదరపు మీటరుకు 50 కిలోలు. స్లాబ్ తన బరువే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. కింద సెంట్రింగ్ సరిగా నిలిచి ఉన్నంతకాలం ఈ నీళ్లు ఒక లెక్క కాదు.

మడులు అందని చోట్లున్నాయి. స్లాబ్ అంచు, గట్టుకు బయట మిగిలే మూడు నాలుగంగుళాల పట్టీ, పక్క పలకలు ఊడదీసిన దూలాల ముఖాలు. అక్కడ గోనెలు వేలాడదీసి, కింది కొస ఆరకుండా పూటపూటా తడపాలి. సన్‌షేడ్‌కూ మెట్లకూ ఇదే పద్ధతి. మేడ మీద చెరువు నిండి కళకళలాడుతుంటే కిటికీ మీది సన్‌షేడ్ తెల్లగా ఎండిపోయి ఉన్న ఇళ్లు ఎన్నో. తర్వాత ముందుగా పెచ్చులూడేదీ ఆ సన్‌షేడే.

రోజూ చూడాల్సినది

పొద్దున, సాయంత్రం ఒక చుట్టు తిరిగితే చాలు. ఏ మడిలోనైనా కాంక్రీటు తేలి కనబడుతోందా, గట్టు కారుతోందా, గోనెల మీద చెయ్యి పెడితే అరచేయి తడుస్తోందా. గోనె కేవలం చల్లగా తగిలితే లాభం లేదు, తడి అంటాలి.

పైపు పట్టుకుని రోజుకు మూడుసార్లు కొట్టడాన్నే క్యూరింగ్ అనుకునేవాళ్లు చాలామంది. ఏప్రిల్ ఎండకు కొట్టిన నీళ్లు అరగంటలో ఆరిపోతాయి. మళ్లీ కొట్టేదాకా స్లాబ్ ఎండుతుంది. తడవడం, ఎండడం, మళ్లీ తడవడం వల్ల చర్మం ఉబ్బుతూ ముడుచుకుంటూ సాలెగూడులాంటి సన్నని పగుళ్లు తెచ్చుకుంటుంది. నా మటుకు దాన్ని క్యూరింగ్ కింద లెక్కపెట్టను. వానాకాలంలో "దేవుడే నీళ్లు పడుతున్నాడు" అనే ధీమా కూడా ఇలాంటిదే. గంట వాన తర్వాత వచ్చే ఎండ దేవుడిదే.

నీళ్లు కరువైతే

10,000 లీటర్లు ఎక్కడి నుంచి తెస్తామన్నవారికి పైన చెప్పిన లెక్కలోనే జవాబుంది. కలిపిన నీళ్లు లోపల ఉంటే చాలు. తడి గోనెల మీద ప్లాస్టిక్ షీటు బిగించి కప్పితే ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది, రెండు రోజులకోసారి అంచు ఎత్తి తడిపితే సరిపోతుంది. షీట్ల అతుకులు అడుగు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, అంచులన్నిటికీ ఇసుక పోయాలి. గాలికి షీటు ఎగిరి చప్పుడు చేస్తోందంటే కింద కాంక్రీటు ఎండుతోందన్నమాటే. వాలు ఎక్కువున్న పెంకుటింటి తరహా స్లాబ్‌కు నీళ్లు నిలవవు కాబట్టి దానికీ ఇదే మార్గం.

క్యూరింగ్ కాంపౌండ్ అని డబ్బాల్లో దొరికే ద్రవం కూడా ఉంది. తేలిన నీటి మెరుపు పోగానే స్ప్రేతో కొడితే పొరలా పట్టి తేమను బయటికి పోనివ్వదు. రోడ్లకు, పెద్ద పనులకు చక్కగా సరిపోతుంది. ఇంటి స్లాబ్‌కు మాత్రం నేను చివరి ఎంపికగానే చెబుతాను. మైనం రకం పొర మిగిలితే రేపు పైన వేసే గచ్చు, వాటర్‌ప్రూఫింగ్ పట్టవు. పైగా ఒక చోట పలచగా పడినా కంటికి తెలియదు. మడిలో నీళ్లు తగ్గితే అందరికీ కనబడుతుంది.

ముగించేటప్పుడు

14 రోజులయ్యాక నీళ్లు తోడిపోయకుండా వాటంతట అవే ఇంకనివ్వండి, గోనెలు ఇంకో రోజు ఉంచండి. నెమ్మదిగా ఎండితే పగుళ్లు తక్కువ. సెంట్రింగ్ విప్పడం వేరే లెక్క, దీనికి ముడిపెట్టకండి. ఓపీసీకి కోడ్ చెప్పేదాన్ని బట్టి నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్‌కు పోట్లు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. పీపీసీకి ఇంకొన్నాళ్లు ఉంచాలి, ఎన్నాళ్లన్నది మీ ఇంజనీరును అడిగి తేల్చుకోండి.

సెంట్రింగ్ విప్పాక ఒకసారి మడుల్లో నీళ్లు నింపి, ఓ పూట ఆగి, కింద నుంచి పైకప్పు చూడండి. తడి మచ్చ కనబడితే సుద్దతో చుట్టూ గీసి తేదీ వేయండి. సన్నని తడి కొన్నిసార్లు రోజుల్లో దానంతట అదే పూడుకుంటుంది. గీత దాటి పెరిగితే ఇంజనీరును పిలవాలి. ఎండిన తర్వాత పైన అరచేత్తో రుద్దండి. బూడిదలా పొడి అంటితే చర్మం పండలేదన్నమాట. దాని మీద నేరుగా గచ్చు వేయించకుండా ముందు ఆ పొడి పొరను గీకించాలి.

చివరగా ఒక మాట. లేబర్ ఒప్పందాల్లో చాలావరకు "క్యూరింగ్ యజమానిదే" అని ఉంటుంది, అసలు ఏమీ రాసి ఉండకపోవడమూ మామూలే. మేస్త్రి మీదో, మీ మీదో, వాచ్‌మన్ మీదో ఉందని ఒకరినొకరు అనుకుంటుండగానే రెండు రోజులు గడిచిపోతాయి. 14 రోజుల్లో పొద్దున ఎవరు, సాయంత్రం ఎవరు, ఆదివారం ఎవరు నీళ్లు చూస్తారో కాంక్రీటు వేసే రోజుకు ముందే పేర్లతో రాసి గోడకు అంటించండి.